జ్వరం ఎక్కడిదో చూడండమ్మా, మెరోపెనెం ఎక్కడికీ పోదు

వార్డుల్లో రాత్రీ పగలూ తిరిగే హౌస్ సర్జన్లకి, పీజీలకి, సిస్టర్లకి,

మిమ్మల్ని తప్పు పట్టాలని రాయడం లేదు. మధ్యలో కాస్త మందలిస్తే మాత్రం ఏమీ అనుకోకండి, మీకన్నా వయసులో పెద్ద మనిషి ఉత్తరం ఇది. ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్లు ఒకరి నుంచి ఒకరికి పాకకుండా చూసుకోవడం నా పని. ఆ పనిలో నాకు రోజూ కనిపించేది ఒకటే: మెరోపెనెం రాయని కేస్ షీట్ వెతుక్కోవాల్సి వస్తోంది.

ఎందుకు రాస్తారో నాకు తెలుసు. రాత్రి రెండింటికి క్యాజువాలిటీ నుంచి పేషెంటు పైకి వస్తారు. 103 జ్వరం, నాడి పరుగు, పక్కన బిక్కచచ్చిన ఇంటివాళ్లు. మీకేమో ఇంకా నలుగురు కొత్త అడ్మిషన్లు. అప్పుడు చెయ్యి తనంతట తనే రాసేస్తుంది: మెరోపెనెం 1 గ్రాము, 8 గంటలకోసారి. పొద్దున రౌండ్స్‌లో ‘ఎందుకు కవర్ చెయ్యలేదు’ అని అడిగేవాళ్లున్నారు గానీ ‘ఎందుకు మొదలుపెట్టావు’ అని అడిగేవాళ్లు తక్కువ. అడగని ప్రశ్నకి జవాబు ఎవరు సిద్ధం చేసుకుంటారు? అందుకే అడుగుతున్నాను. ఎందుకు మొదలుపెట్టావు నాన్నా? ఆ జ్వరం ఎక్కడి నుంచి వస్తోందనుకున్నావు?

ఒకావిడ సంగతి చెబుతాను. ఈవిడ ఒక్క మనిషి కాదు. వానలు వెనకబట్టాక మన వార్డులకి వచ్చే చాలామందిని కలిపి ఒక మనిషిగా చెబుతున్నాను. యాభై దాటిన మనిషి, పొలం పనికి వెళ్తుంది, గట్ల మీద గడ్డి కోస్తుంది. ఆరు రోజులుగా జ్వరం, తల పగిలిపోయే నొప్పి, పొడి దగ్గు. ఊళ్లో రెండు రోజులు ఇంజెక్షన్లు చేయించుకుంది, తగ్గలేదు. మన దగ్గరికి వచ్చేసరికి కాస్త మగతగా ఉంది, పిలిస్తే పలుకుతోంది. బీపీ 106/70. ప్లేట్‌లెట్లు 70,000. తెల్లకణాలు 11,000. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ మూడింతలు. క్రియాటినిన్ 1.6. మలేరియా లేదు, డెంగ్యూ లేదు. యూరిన్‌లో పస్ సెల్స్ 8 నుంచి 10.

ఇక జరిగేది ఇది. ఆ పస్ సెల్స్‌ని చూసి ‘సెప్సిస్, యూటీఐ’ అని రాసి పక్కన ఒక ప్రశ్నార్థకం పెడతారు. యూరిన్ కొలవాలని పైపు వేస్తారు. మెరోపెనెం ఎక్కుతుంది. రెండు డోసులు వెళ్లాక, పొద్దున ఎవరో గుర్తుచేస్తే, చేతికున్న క్యాన్యులాలోంచే మూడు మిల్లీలీటర్ల రక్తం లాగి ఒక్క కల్చర్ బాటిల్ పంపుతారు. అందులో ఏమీ పెరగదు. పెరిగితేనే ఆశ్చర్యపోవాలి. మూడో రోజుకీ జ్వరం అలాగే ఉంటుంది. ‘మెరోకి కూడా తగ్గలేదంటే గట్టిదే అయ్యుంటుంది’ అని టైకోప్లానిన్ కలుపుతారు. నాలుగో రోజు కొలిస్టిన్ మాట ఎత్తుతారు. ఆ నాలుగో రోజే ఒక సిస్టర్ ఆవిడకి ఒళ్లు తుడుస్తూ, లంగా బొందు కట్టుకునే చోట, ఒక చిన్న నల్లటి పక్కు చూస్తుంది. చుట్టూ ఎర్రటి అంచు. సిగరెట్‌తో చురక పెట్టినట్టుంటుంది. నొప్పి లేదు, దురద లేదు, అది ఉన్నట్టు ఆవిడకే తెలియదు.

అది ఎస్కార్. జబ్బు స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న నల్లి పిల్ల కుట్టిన చోటు అది. డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు, రెండు రోజులు తిరక్కుండా జ్వరం దిగిపోతుంది. కొన్ని రూపాయల మాత్ర.

మరి అంత పెద్ద మందు ఏం చేసింది ఆ నాలుగు రోజులూ? ఈ జబ్బుకి ఏమీ చెయ్యలేదు. చెయ్యగలిగేదీ కాదు. మెరోపెనెం గానీ, సెఫ్‌ట్రయాక్సోన్ గానీ, పిప్టాజ్ గానీ బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడ కట్టుకోకుండా అడ్డుపడి చంపుతాయి. స్క్రబ్ టైఫస్ తెచ్చే ఓరియెన్షియాకి ఆ గోడ నామమాత్రమే. పైగా అది మన కణాల లోపల దూరి కూర్చుంటుంది. బ్రాడ్ స్పెక్ట్రమ్ అంటే అన్నిటికీ పనిచేసేదని మనసులో ఎక్కడో పడిపోయింది మీకు. కాదమ్మా. మన జిల్లాల్లో వానాకాలం వెళ్లాక జ్వరంతో వచ్చే మనిషికి సరిగ్గా కావలసిన మందే అందులో లేదు. కవర్ చేశామని నిశ్చింతగా ఉన్నారు, ఆవిడకి మాత్రం కవర్ లేదు. ఆ నిశ్చింతే నన్ను భయపెడుతుంది. మందు మొదలుపెట్టగానే మీ వెతుకులాట ఆగిపోతుంది. ఒళ్లు చూడటం ఆగిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది అలవాటుని బాగా ముదరబెడుతుంది. వైరల్ జ్వరం మెరోపెనెం ఇచ్చినా తగ్గుతుంది, ఇవ్వకపోయినా తగ్గుతుంది. ఇచ్చాక తగ్గితే పేరు మెరోపెనెంకి వస్తుంది. అలా పదిమందికి తగ్గేసరికి ‘మనకి ఇదే పనిచేస్తుంది’ అన్న నమ్మకం కుదురుతుంది. సీఆర్‌పీ పెరిగింది కదా, ప్రోకాల్సిటోనిన్ పెరిగింది కదా అంటారు. స్క్రబ్ టైఫస్‌లోనూ అవి పెరుగుతాయి. ఒంట్లో మంట ఉందని చెప్పగలవు గానీ ఏ మందు రాయాలో అవి చెప్పవు.

సరే, డాక్సీసైక్లిన్‌కి జ్వరం తగ్గింది కదా, అక్కడితో ఆవిడ కథ సుఖాంతం కావాలి. కాదు. ఎందుకంటే మెరోపెనెం ఆపేవాళ్లు లేరు. ‘ఎలాగూ ఐదు రోజులైంది, కోర్సు పూర్తి చేద్దాం’ అని ఒకరు. ‘యూరిన్ కల్చర్‌లో ఈ-కోలై వచ్చింది కదా’ అని ఇంకొకరు.

ఆ యూరిన్ కల్చర్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. పైపు వేసిన మనిషి యూరిన్‌లో సూక్ష్మజీవులు చేరడం నీళ్ల తొట్టికి పాచి పట్టడం లాంటిది. తొట్టి ఉంటే పాచి పడుతుంది. పైపు వేసిన 100 మందిలో రోజుకి 3 నుంచి 7 మందికి కొత్తగా సూక్ష్మజీవులు చేరుతూనే ఉంటాయి. నెలంటూ గడిస్తే దాదాపు అందరికీ ఉంటాయి. అవి ఉండటం వేరు, వాటివల్ల జబ్బు రావడం వేరు. యూరిన్ మబ్బుగా ఉందనీ, వాసన వస్తోందనీ కల్చర్ పంపకండి. మనిషి బాగున్నప్పుడు పంపిన కల్చర్‌లో ఏదో ఒకటి పెరుగుతుంది, పెరిగాక ఆ కాగితాన్ని పట్టించుకోకుండా వదిలేసే ధైర్యం ఎవరికీ ఉండదు. గర్భిణులకి, మూత్రనాళంలో గాయమయ్యే ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకి తప్ప, బాధ ఏమీ లేని మనిషికి యూరిన్‌లో పెరిగినదాన్ని చూసి మందు ఇవ్వాల్సిన పని దాదాపుగా ఉండదు. నిజంగానే పైపు వల్ల ఇన్ఫెక్షన్ అని అనుమానం ఉందా, పాత పైపు తీసేసి, ఇంకా అవసరమైతే కొత్తది వేసి, దాన్నుంచి శాంపిల్ తీయండి. యూరోబ్యాగ్ కింది కుళాయి తిప్పి పట్టింది ఎప్పుడూ పంపకండి. అన్నిటికన్నా ముందు, ఆ పైపు ఇవాళ కూడా ఉండాలా అని అడగండి. మన ఆవిడ జ్వరం దిగగానే లేచి కూర్చుంది. పైపు మాత్రం పదకొండో రోజుదాకా ఉంది. ఎవరూ తీయమని రాయలేదు.

పదకొండో రోజు రాత్రి ఆవిడకి చలి పుట్టి వణుకు వచ్చింది. ఈసారి రక్తంలో క్లెబ్సియెల్లా. రిపోర్టులో మెరోపెనెం దగ్గర ‘ఆర్’. దాదాపు అన్నిటి దగ్గరా ‘ఆర్’. ఎక్కడి నుంచి వచ్చిందంటారా? ఆవిడ పేగుల్లోంచి. వార్డులో ఒక చేతి మీదుగానో, బెడ్‌పాన్ మీదుగానో ఒకట్రెండు ఆవిడ పేగుల్లోకి చేరి ఉంటాయి. మామూలుగా అయితే అక్కడ ఇదివరకే ఉన్న కోట్లాది బ్యాక్టీరియా మధ్య వాటికి చోటు దొరకదు. మెరోపెనెం ఆ పాతవాటిని ఊడ్చేసింది. మిగిలింది మెరోపెనెంకి లొంగనిదే. అది పెరిగింది, పైపు పట్టుకుని పైకెక్కింది. 2008లో స్వీడన్‌లో ఒక పేషెంటు దగ్గర దొరికిన క్లెబ్సియెల్లాలో మెరోపెనెంని ముక్కలు చేసే ఎంజైమ్ కొత్తది ఒకటి కనిపించింది. ఆ మనిషి అంతకుముందు ఢిల్లీలో వైద్యం చేయించుకుని వెళ్లారు. దాన్నే ఎన్‌డీఎం అంటున్నాం. ఇప్పుడది మన దేశంలో ఆసుపత్రి ఆసుపత్రికీ తెలిసిన చుట్టమైపోయింది. ఖరీదైన సెఫ్టాజిడైమ్-అవిబాక్టామ్ కూడా దానిమీద ఒంటరిగా పనిచెయ్యదు, అజ్ట్రియోనామ్ తోడు కావాలి. అది అందకపోతే కొలిస్టిన్. కొలిస్టిన్ ఇస్తే కిడ్నీల మీద కన్నేసి ఉంచాలి. 1.6 ఉండి, 0.9కి దిగిన క్రియాటినిన్ మళ్లీ 4 దాటుతుంది.

కొన్ని రూపాయల మాత్రతో వారంలో ఇంటికి వెళ్లాల్సిన మనిషి డయాలసిస్ బెడ్ మీద ఉంది. ఆవిడ కూతురు కారిడార్‌లో ఎవరెవరికో ఫోన్ చేసి డబ్బు సర్దమని అడుగుతోంది. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు లేరు. అందరూ ఆవిడ మంచికే చేశారు. తొందరలో చేశారు.

ఇప్పుడు అదే రాత్రి, అదే మనిషి. ఇంకోలా చేద్దాం. ఎక్కువ టైమ్ పట్టదు.

మొదట ఒళ్లు చూడండి. సిస్టర్‌ని పిలిచి, కర్టెన్ వేసి, ఆవిడకి చెప్పి చూడండి. చంకలు, రొమ్ముల కింద మడత, గజ్జలు, నడుము దగ్గర బొందు కట్టే చోటు, చెవుల వెనక, వీపు, పిరుదులు. మగవాళ్లకైతే వృషణాల దగ్గర కూడా. ఎస్కార్ దాక్కునేవి ఇవే చోట్లు. సిగ్గుపడి చొక్కా పైకెత్తి పొట్ట మీద చూస్తే దొరకదు. దొరకనంత మాత్రాన జబ్బు లేదని కాదు, చాలామందికి ఆ మచ్చ ఉండదు కూడా. అందుకే దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా మొత్తం చూడండి: సీజన్, పొలం పని, ఐదారు రోజుల జ్వరం, తగ్గిన ప్లేట్‌లెట్లు, పెరిగిన లివర్ ఎంజైములు. ఐజీఎం ఎలైజా పంపండి, మొదటి వారంలో అది నెగెటివ్ రావచ్చు కాబట్టి దానికోసం మందు ఆపకండి.

తర్వాత కల్చర్లు. మందుకి ముందు, తర్వాత కాదు. రెండు చోట్ల నుంచి రెండు సెట్లు, ఒక్కో బాటిల్‌లో 8 నుంచి 10 మిల్లీలీటర్లు. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి ఆరనివ్వండి, ఆరేలోపు సూది గుచ్చకండి. రెండు సెట్లని ఎందుకు పదేపదే పోరుతానంటే, రక్తంలో సూక్ష్మజీవులు కొన్నే ఉంటాయి, ఎక్కువ రక్తం తీస్తేనే దొరుకుతాయి. ఇంకొకటి, చర్మం మీది స్టెఫైలోకాకస్ ఒక సెట్‌లో పెరిగి రెండోదాంట్లో పెరగకపోతే అది సూదితో పాటు వెళ్లిందని తేల్చుకోవచ్చు. ఒక్కటే బాటిల్ పంపితే ఎలా తేలుస్తావు? తేల్చలేక వాంకోమైసిన్ మొదలుపెడతావు. అలా ఒక తొందర ఇంకో మందుని తెస్తుంది.

అప్పుడు మందు రాయండి. మన ఆవిడకి నేనైతే సెఫ్‌ట్రయాక్సోన్ 2 గ్రాములు, డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు రాస్తాను. టైఫాయిడ్, న్యుమోనియా, లెప్టోస్పైరోసిస్, స్క్రబ్ టైఫస్, ఈ చుట్టుపక్కల అలాంటి మనిషికి వచ్చేవి చాలామటుకు ఈ రెంటిలో ఉన్నాయి. గర్భిణి అయితే డాక్సీసైక్లిన్ బదులు అజిత్రోమైసిన్. ఊపిరితిత్తులకో మెదడుకో పాకి తీవ్రమైన స్క్రబ్ అయితే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి సెలైన్‌లో ఇవ్వండి. 2023లో వచ్చిన మన దేశపు ఆసుపత్రుల పరిశోధనలోనే, ఒక్కటి ఇచ్చినవాళ్లకన్నా రెండూ ఇచ్చినవాళ్లకి కాంప్లికేషన్లు తక్కువగా ఉన్నాయని తేలింది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన 48 గంటలకీ జ్వరం కదలకపోతే మాత్రం మీరనుకున్నది తప్పేమోనని మళ్లీ మొదటి నుంచి ఆలోచించండి. మందు మీద మందు కలపడం ఆలోచించడం కాదు.

మెరోపెనెం అసలు ముట్టుకోవద్దని నేను అనడం లేదు. అలా వినిపిస్తే నా మాటని తప్పుగా విన్నట్టే. సెలైన్ ఎక్కించినా బీపీ లేవని మనిషికి, కీమో మీద ఉండి తెల్లకణాలు పడిపోయి షాక్‌లోకి జారుతున్న మనిషికి, ఈమధ్యే సెఫ్‌ట్రయాక్సోన్‌కి లొంగని ఈ-కోలై పెరిగి మళ్లీ సెప్సిస్‌తో వచ్చిన మనిషికి గంటలోపు ఇవ్వండి. నన్ను అడగడానికి కూడా ఆగకండి. కల్చర్ తీయడానికి నరం దొరక్కపోతే దానికోసం మందు ఆలస్యం చెయ్యకండి. 2018లో వచ్చిన మెరినో పరిశోధన తెలుసా? రక్తంలో సెఫ్‌ట్రయాక్సోన్‌కి లొంగని ఈ-కోలై, క్లెబ్సియెల్లా ఉన్నవాళ్లని రెండు జట్లు చేశారు. పిప్టాజ్ ఇచ్చినవాళ్లలో నెల తిరిగేలోపు 100కి 12 మంది పోయారు, మెరోపెనెం ఇచ్చినవాళ్లలో నలుగురు. అంత ప్రాణాధారమైన మందు అది. అందుకే దాచుకోమంటున్నాను. షాక్‌లో లేని మనిషి విషయంలో మాత్రం మీకు టైమ్ ఉంది. సెప్సిస్ అవునో కాదో తేలనివాళ్లకి మూడు గంటల లోపు చూసి నిర్ణయించుకోవచ్చని పెద్ద గైడ్‌లైన్లే చెబుతున్నాయి. ఆ మూడు గంటలు ఒళ్లు చూడటానికీ, ఎక్స్‌రే చూడటానికీ, ఇంటివాళ్లని కూర్చోబెట్టి అడగడానికీ చాలు.

ఇక మొదలుపెట్టడం కన్నా కష్టమైనది ఆపడం. దానికి మూడో రోజు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నిజంగా రక్తంలో ఉన్నది చాలామటుకు 48 గంటల్లోపే బాటిల్‌లో బయటపడుతుంది. కాబట్టి మూడో రోజు పొద్దున రిపోర్టు కాగితం పైకి వచ్చేదాకా కూర్చోకుండా ల్యాబ్‌కి ఫోన్ చెయ్యండి. ఏమీ పెరగలేదు, మనిషి తేరుకుంది, ఇంకో కారణం దొరికింది: ఆపెయ్యండి. మన ఆవిడకి ఎలైజా పాజిటివ్ వచ్చింది, కల్చర్లు రెండూ ఖాళీ. సెఫ్‌ట్రయాక్సోన్ ఆ రోజే ఆగిపోతుంది, డాక్సీసైక్లిన్ 7 రోజులు పూర్తవుతుంది. ఐదో రోజుకి మాత్రలు పట్టుకుని ఇంటికి వెళ్లిపోతుంది. లేదూ, రక్తంలో సెఫ్‌ట్రయాక్సోన్‌కి లొంగే ఈ-కోలై దొరికింది: మెరోపెనెం మీద ఉన్న మనిషిని సెఫ్‌ట్రయాక్సోన్‌కి దింపండి. బాగుపడుతోంది కదా, కదిలించడం ఎందుకు అనిపిస్తుంది. ఆ అనిపించడాన్ని పక్కన పెట్టండి. లేని జబ్బుకి, మొదలుపెట్టాం కాబట్టి కోర్సు పూర్తి చెయ్యాలన్న రూలు లేదు నాన్నా. ఉన్న జబ్బుకే కోర్సు.

సిస్టర్లకి విడిగా ఒక మాట. ఎస్కార్ చూసింది మీరే, పైపు రోజూ చూసేది మీరే. ‘సార్, ఈ పైపు ఇంకా కావాలా’, ‘మేడమ్, కల్చర్ తీశాకే మందు ఎక్కించమంటారా’ అని అడగడానికి మొహమాటపడకండి. ఎవరైనా విసుక్కుంటే నా పేరు చెప్పండి.

పీజీలకి ఇంకొకటి. పెద్ద డాక్టరు మెరోపెనెం కలపమన్నప్పుడు ఎదురు చెప్పడం మీ వల్ల కాదని నాకు తెలుసు. ఎదురు చెప్పొద్దు. ‘సోర్స్ ఏమని రాయమంటారు, ఏ రోజు మళ్లీ చూడమంటారు’ అని అడిగి, ఆయన చెప్పింది షీట్‌లో రాయండి. సగం మెరోపెనెంలు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయని నా నమ్మకం.

రేపటి నుంచి నేను పొద్దున ఎనిమిదింటికి మీతో పాటు రౌండ్స్‌కి వస్తాను. మెరోపెనెం, పిప్టాజ్, కొలిస్టిన్ నడుస్తున్న ప్రతి కేస్ షీట్‌లో మూడు సంగతులు ఉండాలి: జ్వరం ఎక్కడి నుంచి అనుకుంటున్నారు, కల్చర్ ఎప్పుడు తీశారు, మందు ఏ రోజు మళ్లీ చూస్తారు. ఏ షీట్‌లోనైనా మొదటిది రాయడానికి ఏమీ తోచకపోతే అలాగే ఖాళీగా వదిలెయ్యండి, ఆ బెడ్ దగ్గర నుంచే మొదలుపెడదాం.